పొడుగు మనిషి, గట్టి దవడ, పెద్ద కుర్చీ

పెద్ద కంపెనీల అధిపతులను వరసగా నిలబెట్టి కొలిస్తే సగటు మనిషి కంటే పొడుగ్గా తేలతారు. వాళ్ల ఫొటోలను మామూలు మనుషుల ఫొటోల పక్కన పెడితే దవడ ఎముక కాస్త బలంగా, ముఖం కాస్త పెద్దరికంగా కనిపిస్తుంది. ఇది గాలి కబురు కాదు, పరిశోధకులు కొలిచి చూసిన విషయం. గొడవంతా దాని అర్థం ఏమిటన్న దగ్గరే. పొడుగువాళ్లలో నాయకత్వం పుట్టుకతోనే ఉంటుందని కొందరంటారు. అదంతా వట్టి పక్షపాతమని మరికొందరు కొట్టిపారేస్తారు. లెక్కలు ఇద్దరికీ పూర్తిగా అనుకూలంగా రావు. కాస్త ఓపిగ్గా చూస్తే అవి నాయకుల గురించి చెప్పేదాని కంటే నాయకులను ఎంపిక చేసేవాళ్ల గురించి చెప్పేదే ఎక్కువ.

ముందు ఎత్తు సంగతి. ఈ విషయంలో బాగా నమ్మదగ్గ సమాచారం స్వీడన్ నుంచి వచ్చింది. అక్కడ ఒకప్పుడు మగపిల్లలందరూ పద్దెనిమిదేళ్లు వచ్చే వేళకు సైన్యం పెట్టే పరీక్షకు హాజరు కావాల్సిందే. ఆ రోజు ఎత్తు కొలిచేవారు, తెలివితేటల పరీక్ష పెట్టేవారు. ఒక సైకాలజిస్టు కూర్చోబెట్టి మాట్లాడి, బాధ్యత తీసుకోగలడా, ఒత్తిడి తట్టుకోగలడా, పదిమందితో కలిసి పనిచెయ్యగలడా అని మార్కులు వేసేవాడు. ఆ రికార్డులన్నీ భద్రంగా ఉన్నాయి. కొన్నేళ్ల తర్వాత అదే మనిషి ఏ ఉద్యోగంలో ఉన్నాడు, ఎంత సంపాదిస్తున్నాడు అన్నది ప్రభుత్వ లెక్కల్లో దొరుకుతుంది. రెండింటినీ కలిపితే పరిశోధకుడికి పండగే. ఎందుకంటే ఎత్తును ఎవరూ నోటిమాటగా చెప్పలేదు, టేపు పెట్టి కొలిచారు (అడిగితే ఓ అంగుళం కలిపి చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు). పైగా ఆ కొలత తీసుకున్ననాటికి వాళ్లెవరూ ఇంకా మేనేజర్లు కాలేదు.

ఎరిక్ లిండ్‌క్విస్ట్ అనే ఆర్థికవేత్త 2012లో ప్రచురించిన పరిశోధనలో ఈ సమాచారాన్ని వాడి ఒక లెక్క తీశాడు. ఎత్తు 10 సెంటీమీటర్లు పెరిగితే మేనేజర్ పదవిలో ఉండే అవకాశం 2.2 శాతం పాయింట్లు పెరుగుతుంది. అంటే ఒకే వయసున్న వందమంది పొడుగువాళ్లను, వాళ్ల కంటే 10 సెంటీమీటర్లు తక్కువున్న వందమందిని తీసుకుంటే, మొదటి గుంపులో సుమారు ఇద్దరు మేనేజర్లు ఎక్కువ ఉంటారన్నమాట. వీధిలో కనపడే తేడా కాదిది. కానీ లక్షల మంది మీద చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తర్వాత అతను ఇంకో పని చేశాడు. సైన్యం పరీక్షలో తెలివితేటలకు, వ్యక్తిత్వానికి వచ్చిన మార్కులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. మార్కులు సమానంగా ఉన్న ఇద్దరిని పోల్చితే ఎత్తు వల్ల వచ్చే తేడాలో కనీసం సగం మాయమైపోయింది. సగటున చూస్తే పొడుగువాళ్లకు ఆ పరీక్షల్లో కూడా కాస్త మెరుగైన మార్కులే వచ్చాయి మరి. ‘అంతా పక్షపాతమే’ అనేవాళ్లకు ఇక్కడ గొంతులో వెలక్కాయ పడుతుంది.

కానీ ఆ మార్కులు వేసిన విధానం గుర్తుపెట్టుకోవాలి. తెలివితేటలది రాత పరీక్ష. వ్యక్తిత్వానిది ముఖాముఖి ఇంటర్వ్యూ. ఎదురుగా ఆరడుగుల కుర్రాడు కూర్చుంటే ‘వీడిలో నాయకత్వం ఉంది’ అని ఆ సైకాలజిస్టుకు అనిపించి ఉండదా? అనిపించి ఉంటే, ఎత్తు మీద ఉన్న పక్షపాతమే మార్కుల రూపంలో లోపలికి దూరి, ఆ తర్వాత ‘సామర్థ్యం’ అనే పేరుతో బయటికి వచ్చిందన్నమాట. ఈ రకం పరిశోధనలన్నిటికీ ఉన్న చిక్కే ఇది. సామర్థ్యాన్ని కొలిచే మనిషి కళ్లు మూసుకుని కొలవడు.

అదే స్వీడన్ సమాచారంతో రెనే ఆడమ్స్, మత్తి కెలోహార్యు, సామువెలి క్నుప్‌ఫర్ అనే ముగ్గురు 2018లో ఇంకా పెద్ద ప్రశ్న వేశారు: సీఈఓలు పుట్టుకతోనే వేరా? పది లక్షల మందికి పైగా మగవాళ్ల రికార్డులు చూశారు. పెద్ద కంపెనీల సీఈఓలు తెలివితేటల్లో డాక్టర్లతో దాదాపు సమానం. ఎత్తులోను, వ్యక్తిత్వ మార్కుల్లోను మాత్రం డాక్టర్ల కంటే స్పష్టంగా పైన ఉన్నారు. రెండు వృత్తుల్లో ఎంపిక ఎలా జరుగుతుందో ఆలోచిస్తే ఇది ఆసక్తికరంగా ఉంటుంది. డాక్టర్ కావాలంటే ముఖ్యంగా పరీక్షలు పాసవ్వాలి, ఆన్సర్ షీటుకు ఎత్తు తెలీదు. సీఈఓ కావాలంటే ఒక గదిలో కొందరు మనుషులు చూసి ‘ఈయనే’ అనుకోవాలి.

ఆ పరిశోధనలో జనం పట్టించుకోని ముక్క మరొకటుంది. తెలివి, వ్యక్తిత్వం, ఎత్తు, ఈ మూడూ కలిపి చూస్తే మధ్యస్థంగా ఉండే పెద్ద కంపెనీ సీఈఓ జనాభాలో పై 5 శాతంలో ఉంటాడు. వినడానికి గొప్పగానే ఉంది. కానీ అంతకంటే మెరుగైన లక్షణాలు ఉండి, కంపెనీల్లోనే మేనేజర్లుగా పనిచేస్తూ, పెద్ద కంపెనీ సీఈఓ కాలేకపోయినవాళ్లు సీఈఓల కంటే వంద రెట్లకు పైగా ఉన్నారని ఆ ముగ్గురే తేల్చారు. కాబట్టి ఎత్తు ఆ కుర్చీ ఇప్పించదు. మహా అయితే లోపలికి వచ్చే గుంపులో ఉండే అవకాశాన్ని కాస్త పెంచుతుంది.

అసలు ఎత్తుకూ తెలివితేటల మార్కులకూ సంబంధం ఏమిటి? ఇక్కడ కొందరు ఆర్థికవేత్తల మధ్య మంచి వాదన నడిచింది. నికోలా పెర్సికో, ఆండ్రూ పోస్ల్‌వెయిట్, డాన్ సిల్వర్‌మన్ 2004లో బ్రిటన్, అమెరికా సమాచారం చూసి ఒక చిత్రమైన విషయం చెప్పారు. పెద్దయ్యాక ఉన్న ఎత్తు కంటే పదహారేళ్లప్పుడు ఉన్న ఎత్తే జీతాన్ని బాగా చెబుతుంది. ఇప్పుడు సమానమైన ఎత్తున్న ఇద్దరిని తీసుకోండి. ఒకడు పదహారేళ్లకే ఆ ఎత్తుకు చేరుకున్నాడు, రెండోవాడు ఆలస్యంగా పెరిగాడు. బాసుకు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, అయినా మొదటివాడికే ఎక్కువ జీతం. బాసు కళ్లకు కనిపించే ఎత్తే కారణమైతే ఇద్దరికీ ఒకేలా ఉండాలి కదా? కుర్రవయసులో పొడుగ్గా ఉన్నవాడు ఆటల్లో, క్లబ్బుల్లో ఎక్కువ పాల్గొంటాడు, నలుగురిలో మెలిగే చొరవ అలవడుతుంది, అది జన్మంతా పనికొస్తుంది అన్నది వాళ్ల వివరణ.

నాలుగేళ్ల తర్వాత ఆన్ కేస్, క్రిస్టినా పాక్సన్ దీన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్లారు. బడిలో చేరకముందే, మూడేళ్ల వయసులోనే పొడుగు పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో మెరుగైన మార్కులు వస్తున్నాయని చూపించారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి రెండు మూడేళ్లలో మంచి తిండి, రోగాలు లేని బాల్యం దొరికిన పిల్లల్లో ఎముకలూ పెరుగుతాయి, మెదడూ పెరుగుతుంది. ఎదగాల్సినంత ఎదగని పిల్లల్లో రెండూ దెబ్బతింటాయి. ఆ లెక్కన ఎత్తు అనేది తొలినాటి పోషణకు టేపు మీద కనిపించే గుర్తు. పై కుర్చీల్లో పొడుగువాళ్లు ఎక్కువ ఉండటంలో కొంత భాగం, బాగా గడిచిన బాల్యాలు అక్కడ ఎక్కువ ఉండటమే.

ఈ రెండు వివరణల్లో ఒకటి నిజమై రెండోది తప్పవ్వాల్సిన అవసరం లేదు. రెండూ కలిసినా మిగిలే భాగం కొంత ఉంది. స్వీడన్ లెక్కల్లో మార్కులు పట్టించుకున్నాక కూడా ఎత్తు ప్రభావం పూర్తిగా పోలేదు. ఆ మిగిలినదాంట్లోనే ఎంపిక చేసేవాళ్ల చూపు ఉంటుంది.

మిగిలింది చాలా చిన్నదే, మరి పైకి వెళ్లేసరికి అంత తేడా ఎలా వస్తుంది? లెక్క వేసి చూద్దాం. కింది స్థాయిలో పొడుగువాళ్లు, పొట్టివాళ్లు సమానంగా ఉన్నారు, సామర్థ్యమూ సమానమే. ప్రతి ప్రమోషన్ దగ్గరా పొడుగువాళ్లకు అవకాశం పదో వంతు మాత్రమే ఎక్కువ అనుకుందాం. ఏ ఒక్క ప్రమోషన్ చూసినా ఎవరూ అన్యాయం అనలేనంత చిన్న తేడా అది. ఒక మెట్టు దాటాక వందమంది పొట్టివాళ్లకు 110 మంది పొడుగువాళ్లుంటారు. రెండో మెట్టుకు 121. ఆరో మెట్టు దాటేసరికి 177. అంటే పై అంతస్తులో ముగ్గురిలో దాదాపు ఇద్దరు పొడుగువాళ్లే.

ఇలాంటి లెక్కే ఆడా మగా తేడా గురించి 1996లో రిచర్డ్ మార్టెల్ బృందం కంప్యూటర్ మీద చేసి చూపించింది. ఎనిమిది అంచెల ఊహా కంపెనీ. కింద ఆడవాళ్లూ మగవాళ్లూ సమానం. పనితీరు మార్కుల్లో తేడాకు ఒక్క శాతం మేర మాత్రమే కారణమయ్యేంత పక్షపాతం పెట్టారు. పై అంచెకు చేరేసరికి ఆడవాళ్లు 35 శాతమే మిగిలారు. ఎత్తుకు ఈ తర్కం అలాగే వర్తిస్తుంది. పైన కనిపించే పెద్ద తేడాకు ఎక్కడో ఓ పెద్ద కుట్ర ఉండి తీరాలని వెతకక్కర్లేదు. అలాగని, ఏ ఒక్క ప్రమోషన్ ఫైలు తీసి చూసినా దొంగ దొరకడు.

ఇక దవడ. యుక్తవయసులో మగవాళ్లలో హార్మోన్ల వల్ల కింది దవడ పొడవుగా, వెడల్పుగా పెరుగుతుంది. కనుబొమల పై ఎముక కాస్త ముందుకొస్తుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకం పసి ముఖం: పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు, చిన్న గడ్డం. పసిపిల్లలను చూడగానే కలిగే భావాలు, అమాయకుడు, మంచివాడు, గట్టివాడు కాదు అన్నవి, పసి ముఖమున్న పెద్దవాళ్ల మీద కూడా మనకు తెలియకుండానే పడతాయని లెస్లీ జెబ్రోవిట్జ్ దశాబ్దాల పాటు ప్రయోగాలతో చూపించారు. దవడ గట్టిగా ఉన్నవాడి మీద వీటికి ఎదురు భావాలు పడతాయి. ఆ మనిషి నిజంగా ఎలాంటివాడన్నది ఈ లెక్కలోకే రాదు.

పైగా ముఖమూ ఎత్తూ విడివిడి విషయాలు కావు. ఫొటోలో మెడ పైభాగం మాత్రమే చూపించినా జనం ఆ మనిషి ఎత్తును ఊహిస్తారు. ముఖాన్ని చూసి పొడుగువాడు అనిపించినవాడే నాయకుడిలా కూడా అనిపిస్తాడని డేనియల్ రే బృందం 2013లో చూపించింది. కాబట్టి ఎత్తు కనపడని చోట దవడ దాని పని చేసి పెడుతుంది.

ఈ భావాలకు కెరీర్లను మలిచే శక్తి ఉందా? అమెరికా సైనికాధికారులను తయారుచేసే వెస్ట్‌పాయింట్‌లో 1950లో పట్టా పుచ్చుకున్న బ్యాచ్ ఫొటోలను ఉల్రిక్ ముల్లర్, అలన్ మజూర్ తీసుకున్నారు. ఏ ముఖం ఎంత అధికారంగా కనిపిస్తోందో వాళ్లెవరో తెలియని మనుషుల చేత మార్కులు వేయించారు. కుర్రతనంలో తీసిన ఆ ఫొటోకు వచ్చిన మార్కులు, ఇరవై ఏళ్లు దాటాక కెరీర్ చివర్లో వాళ్లు చేరిన ర్యాంకును కొంతవరకు ముందే చెప్పగలిగాయి. అందరూ ఒకే చోట చదివినవాళ్లు, ఒకే శిక్షణ పొందినవాళ్లు. ముఖాన్ని విడిగా చూడటానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకడం కష్టం.

కంపెనీల విషయంలో జాన్ గ్రాహం, క్యాంప్‌బెల్ హార్వే, మంజు పూరి ముగ్గురూ దాదాపు 2,000 మందికి ఫొటోల జతలు చూపించారు. జతలో ఒకరు సీఈఓ, ఇంకొకరు కాదు. జుట్టు, గడ్డం, బట్టలు వీలైనంత ఒకేలా ఉండేట్టు జాగ్రత్త పడ్డారు. ఎవరు సమర్థుడిలా కనిపిస్తున్నారు అని అడిగితే సీఈఓ వైపే ఎక్కువమంది వేలు చూపించారు. సమర్థుడిలా కనిపించిన సీఈఓలకు జీతం కూడా ఎక్కువే ఉంది. మరి వాళ్ల కంపెనీలు బాగా నడిచాయా? ముఖానికీ కంపెనీ పనితీరుకూ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. నెదర్లాండ్స్‌లో యాంకా స్టోకర్ బృందం 2016లో వేరే పద్ధతిలో చూసి అదే మాట చెప్పింది: ముఖం ఎంపికను చెబుతుంది, పనితీరును చెప్పదు.

చాలా వ్యాసాలు ఇక్కడ ఆగి ‘చూశారా, అంతా మాయే’ అంటాయి. అంత తొందరపడకూడదు. సీఈఓలు అయినవాళ్లనే తీసుకుని వాళ్లలో వాళ్లను పోల్చినప్పుడు తేడా కనపడకపోవడం దానికదే పక్షపాతానికి రుజువు కాదు. ఎంపిక పూర్తిగా న్యాయంగా జరిగినా, గడప దాటినవాళ్లంతా దాదాపు ఒకే స్థాయిలో ఉండొచ్చు. పక్షపాతం బలంగా ఉంటే నిజానికి కనపడాల్సింది ఇంకొకటి: గట్టి దవడవాళ్లను తక్కువ సామర్థ్యంతోనే లోపలికి రానిచ్చారు కాబట్టి, లోపలికి వచ్చాక వాళ్ల పనితీరు మిగతావాళ్ల కంటే తగ్గాలి. అలా తగ్గిందనీ గట్టిగా రుజువు కాలేదు. కంపెనీ లాభనష్టాల్లో సీఈఓ వాటా ఎంతో విడదీయడమే కష్టం కాబట్టి ఇది తేల్చడం అంత సులువూ కాదు.

అందుకే ఇంకో దారిలో వచ్చిన ఆధారం ఎక్కువ ఒప్పిస్తుంది. 2009లో జాన్ ఆంటొనాకిస్, ఓలాఫ్ డాల్గాస్ స్విట్జర్లాండ్‌లో ఐదు నుంచి పదమూడేళ్ల మధ్య పిల్లల చేత ఒక ఆట ఆడించారు. సముద్ర ప్రయాణం ఆట. తర్వాత రెండు ముఖాలు చూపించి, మీ పడవకు కెప్టెన్‌గా ఎవరు కావాలి అని అడిగారు. ఆ ముఖాలు ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లో పోటీపడిన అభ్యర్థులవని పిల్లలకు తెలీదు. నూటికి 70 సార్లకు పైగా పిల్లలు ఎంచుకున్న ‘కెప్టెన్’ ఆ ఎన్నికలో గెలిచినవాడే. పెద్దవాళ్లను అడిగినా ఫలితం దాదాపు అంతే. ఓటర్ల దగ్గర పార్టీలు, వాగ్దానాలు, పాత రికార్డులు ఇంకా బోలెడు సమాచారం ఉంది. అయినా ఏమీ తెలియని పిల్లవాడి తీర్పుకీ వాళ్ల తీర్పుకీ అంత పోలిక ఉందంటే, తూకంలో ముఖం బరువు ఎంతో ఊహించుకోవచ్చు. ఈ రకం తీర్పుకు సెకనులో పదో వంతు చాలని అలెక్సాండర్ టొడొరోవ్ ప్రయోగాలు చెబుతున్నాయి.

ముఖాల పరిశోధనలో బోల్తాపడ్డ కథ కూడా ఒకటి చెప్పుకోవాలి. ముఖం వెడల్పును ముఖం ఎత్తుతోనే భాగిస్తే వచ్చే సంఖ్య ఒకటి కొన్నాళ్లు తెగ మోగింది. ఐస్ హాకీ ఆటగాళ్లలో ఆ సంఖ్య ఎక్కువున్నవాళ్లు ఎక్కువ ఫౌల్స్ చేస్తారని 2008లో ఒక పరిశోధన వచ్చింది. 2011లో 55 మంది సీఈఓల ఫొటోలు కొలిచి, వెడల్పు ముఖాలవాళ్ల కంపెనీలకు లాభాలు బాగున్నాయని ఇంకొకటి. పేపర్లకు మంచి వార్త దొరికింది. తర్వాత మిఖాల్ కొసిన్‌స్కీ 1,37,000 మందికి పైగా సమాచారం తీసుకుని చూస్తే ఆ సంఖ్యకూ మనుషులు తమ గురించి చెప్పిన స్వభావ లక్షణాలకూ పట్టించుకోదగ్గ సంబంధమే దొరకలేదు. 55 మంది మీద వచ్చిన ఫలితం చదివినప్పుడు ఈ విషయం గుర్తుంటే చాలు. ఫొటోలో కెమెరా దూరం, తల వంపు, నవ్వు కొంచెం మారినా ఆ సంఖ్య మారిపోతుంది.

అమెరికా అధ్యక్షుల ఎత్తు గురించి ఎన్నికలొచ్చిన ప్రతిసారీ తిరిగే లెక్క కూడా కాస్త అలాంటిదే. పొడుగు అభ్యర్థే ఎప్పుడూ గెలుస్తాడని చెప్పేవాళ్లు తమకు కలిసొచ్చే సంవత్సరాలు ఏరుకుంటారు. గెర్ట్ స్టల్ప్ బృందం 2013లో మొత్తం చరిత్రంతా చూసింది. పొడుగు అభ్యర్థులకు ప్రజల ఓట్లు ఎక్కువ పడ్డాయి, రెండోసారి గెలిచే అవకాశమూ ఎక్కువే, కానీ పదవి కచ్చితంగా వాళ్లకే దక్కిందని చెప్పడానికి వీల్లేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఎత్తు పదవికి దారి తీస్తుందా అన్నది. బాణం రెండో వైపుకీ వెళ్తుంది. 1968లో పాల్ విల్సన్ అనే పరిశోధకుడు కాలేజీ విద్యార్థుల తరగతులకు ఒకే మనిషిని పరిచయం చేశాడు. ఒక తరగతిలో ఆయన్ని విద్యార్థి అన్నాడు, ఇంకో తరగతిలో లెక్చరర్, మరో తరగతిలో ప్రొఫెసర్. ఆయన వెళ్లిపోయాక ఎత్తెంత ఉంటుందో చెప్పమన్నాడు. హోదా పెరిగిన కొద్దీ మనిషి పెరుగుతూ పోయాడు. విద్యార్థికీ ప్రొఫెసర్‌కీ మధ్య తేడా రెండు అంగుళాల పైమాటే. కెనడాలో 1988 ఎన్నికలకు ముందూ తర్వాతా ముగ్గురు పార్టీ నాయకుల ఎత్తు ఎంతని జనాన్ని అడిగితే, గెలిచిన బ్రయన్ మల్రోనీ ఫలితాల తర్వాత జనం కళ్లకు ఎదిగాడు, ఓడిన ఇద్దరూ కుంగారు.

మూసభావం ఎందుకు చావదో ఈ రెండు ఉదాహరణల్లో తెలుస్తుంది. మన కళ్ల ముందున్న పొట్టి నాయకుడు కూడా జ్ఞాపకంలో పొట్టిగా మిగలడు. మూసకు ఎదురొచ్చే సాక్ష్యాన్ని మన కళ్లే సరిదిద్దేస్తాయి. ఐదడుగులు దాటని డెంగ్ జియావోపింగ్ చైనా దిశనే మార్చాడు. అయినా అలాంటి ఒకరిద్దరు పేర్లు ‘పొట్టివాడైనా గట్టివాడు’ అనే మినహాయింపు ఖాతాలోకి వెళ్లిపోతాయి, మూల సూత్రం చెక్కుచెదరదు.

గట్టి దవడ కోరుకునే ఈ మూస అందరికీ ఒకేలా పనిచేస్తే కనీసం అర్థం చేసుకోవడం తేలిక. అలా చెయ్యదు. డాంగ్‌వాన్ ఓ, ఎలినర్ బక్, టొడొరోవ్ 2019లో ముఖాలను కంప్యూటర్‌లో కొద్దికొద్దిగా మగతనం వైపు మార్చుతూ చూపించారు. మగ ముఖాల్లో ఆ మార్పు పెరిగిన కొద్దీ సమర్థుడనే అభిప్రాయమూ పెరిగింది. ఆడ ముఖాల్లో కొంతవరకే పెరిగి, అక్కడి నుంచి తిరగబడింది. అంటే నాయకురాలు కావాలనుకునే మహిళకు దొరికే దారి బాగా ఇరుకు. మెత్తగా కనిపిస్తే సమర్థురాలు కాదంటారు, గట్టిగా కనిపిస్తే ఆ గట్టిదనాన్నే తప్పు పడతారు. ఎత్తు విషయంలోనూ 2013లో నాన్సీ బ్లేకర్ బృందం ఇలాంటి తేడానే చూసింది. పొడుగు మగవాణ్ణి చూస్తే జనానికి అధికారం, ఆరోగ్యం, తెలివి మూడూ కనిపిస్తాయి. పొడుగు మహిళలో ఎక్కువగా తెలివి మాత్రమే కనిపిస్తుంది.

ఇంకా తికమక పెట్టేది రాబర్ట్ లివింగ్‌స్టన్, నికొలస్ పియర్స్ 2009లో ప్రచురించినది. అమెరికాలో అతిపెద్ద కంపెనీలకు సీఈఓలైన కొద్దిమంది నల్లజాతి పురుషుల ఫొటోలను తెల్లజాతి సీఈఓల ఫొటోలతో పోల్చారు. నల్లజాతి సీఈఓల ముఖాలు మరింత పసిగా ఉన్నాయని చూసినవాళ్లు చెప్పారు. వాళ్లలో కూడా పసి ముఖం ఎక్కువున్నవాళ్లు పెద్ద కంపెనీల్లో, పెద్ద జీతాల్లో ఉన్నారు. తెల్లవాళ్లకు అడ్డంకిగా చెప్పుకునే పసితనం వీళ్లకు నిచ్చెన అయ్యింది. అప్పటికి అలాంటి సీఈఓలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కాబట్టి ఇది చిన్న అధ్యయనం, దీన్ని ఒక సూచనగానే తీసుకోవాలి. కానీ అది చూపించే దిక్కు మాత్రం విస్మరించలేనిది. ‘ప్రమాదకరం’ అనే ముద్ర ముందే ఉన్న గుంపులోని మనిషికి గట్టి దవడ ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది, మెత్తని ముఖం దాన్ని చల్లారుస్తుంది. దవడలోనే నాయకత్వం ఉంటే ఎముక ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం కావడానికి కారణం ఉండకూడదు.

ఎంపిక చేసే గదిలో దీన్ని పట్టుకోవడం ఎలా అన్నది ఆచరణ ప్రశ్న. ‘ఆయనలో ఏదో హుందాతనం ఉంది’, ‘గదిలోకి రాగానే తెలిసిపోతుంది’, ‘క్లయింట్ల ముందు నిలబడగలడు’ లాంటి మాటలు ఇంటర్వ్యూ నోట్సులో కనపడితే అక్కడ ఆగి చూడాలి. ఆ మాటకు పక్కన అభ్యర్థి చేసిన ఒక పని, ఇచ్చిన ఒక సమాధానం ఉదాహరణగా రాయగలిగితే సరే. రాయలేకపోతే ఆ మార్కులు ముఖానికో ఎత్తుకో పడి ఉండే అవకాశం ఎక్కువ. అందరికీ అవే ప్రశ్నలు అడిగి, ప్రతి సమాధానానికీ అక్కడికక్కడే మార్కులు వేసే ఇంటర్వ్యూలో ఈ జారుడు తగ్గుతుంది. పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూ చివర్లో ‘మొత్తం మీద ఎలా అనిపించాడు’ అని అడిగే చోటే అది బాగా దూరుతుంది.

వీడియో ఇంటర్వ్యూలు వచ్చాక ఎత్తు గొడవ పోయిందని అనుకునేవాళ్లున్నారు. 2002లోనే వెయ్ హువాంగ్, జుడిత్ ఓల్సన్, గ్యారీ ఓల్సన్ ఒక ప్రయోగం చేశారు. ఒకరినొకరు ఎప్పుడూ చూడనివాళ్లను వీడియోలో కలిపి ఒక సమస్య మీద చర్చించి నిర్ణయం తీసుకోమన్నారు. కెమెరాను కొందరికి కింది నుంచి చూసేలా, కొందరికి పై నుంచి చూసేలా పెట్టారు. అవతలివాళ్లకు ఒకరు పొడుగ్గా, ఒకరు పొట్టిగా అనిపించడానికి అంతే చాలింది. పొడుగ్గా కనిపించినవాళ్ల మాటే ఆఖరి నిర్ణయంలో ఎక్కువ చెల్లింది. వాళ్ల అసలు ఎత్తుకు దాంతో పనే లేదు, కెమెరా స్టాండు ఎక్కడ పెట్టారన్నదే లెక్కలోకి వచ్చింది.